ఉత్త చేతులతో రాకండి, ఒక కథల పుస్తకం తెండి

బెజవాడలో పిల్లల పుట్టినరోజు పిలుపులు ఇప్పుడు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. రంగురంగుల కార్డు, పిల్ల ఫొటో, ఫంక్షన్ హాలు చిరునామా, అన్నిటికీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క: కానుకలు వద్దు, మీ ఆశీస్సులు చాలు. ఆ ముక్కను ఎవరూ పట్టించుకోరు. దేవుడి దగ్గరికి, పసిపిల్లల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదన్నది పెద్దలు చెప్పిన మాట. కార్డు మీద ఏం రాసినా అది పోదు. దారిలో బెంజి సర్కిల్ దగ్గర బండి ఆపి, చేతికి దొరికిన డబ్బా ఏదో కొనుక్కుని వస్తారు. మర్నాడు పొద్దున చూస్తే ఒకే రకం రిమోట్ కార్లు మూడు తేలతాయి.

అందుకే పుట్టినరోజున బొమ్మల బదులు పుస్తకాలో, బడి సామానో పోగు చేసి ఇంకొకరికి ఇద్దామనుకునే ఇంట్లో తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది: వచ్చేవాళ్ళను తేవద్దనకూడదు, ఏం తేవాలో చెప్పాలి. చేతిలో ఏదో ఒకటి ఉంటే పెద్దలకు తృప్తి. ఆ ఏదో ఒకటి ఏమిటన్నది పిల్లే చెబితే ఇంకా మేలు.

ఈ దారిలో నడిచిన తెలుగు పిల్లల్లో దేశమంతా విన్న పేరు హైదరాబాద్ అమ్మాయి ఆకర్షణ సతీశ్‌ది. 2023 సెప్టెంబరులో ప్రధాని తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఆమె గురించి చెప్పారు. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు, ఏడో తరగతి. పేద పిల్లల కోసం ఏడు గ్రంథాలయాలు నడుపుతోందని, వాటిలో దాదాపు 6,000 పుస్తకాలు ఉన్నాయని ఆయన అన్నారు. అమ్మానాన్నలతో కలిసి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలు రంగులేసే పుస్తకాలు ఉన్నాయా అని అడిగారట. ఆ అమ్మాయి చుట్టుపక్కల ఇళ్ళలో, బంధువుల దగ్గర, స్నేహితుల దగ్గర పుస్తకాలు పోగు చేసింది. మొదటి గ్రంథాలయం ఆ ఆసుపత్రిలోనే పెట్టింది.

ఇది పుట్టినరోజు కథ కాదు. అయినా పుట్టినరోజుకు పనికొచ్చేది ఇందులో ఒకటుంది. పుస్తకాలు పోగైన తర్వాత ఎవరికిద్దామా అని వెతకడం కాదు, అడిగినవాళ్ళు ముందే ఉన్నారు. వాళ్ళు ఏం అడిగారో కూడా తెలుసు. మన ఇళ్ళలో ఎక్కువగా దీనికి తిరగేసి జరుగుతుంది. పుట్టినరోజు అయ్యాక నాలుగు అట్టపెట్టెలు హాల్లో మిగులుతాయి, వాటిని ఎక్కడ దింపాలో తెలియక నాన్న ఫోన్లు చేస్తుంటాడు.

ముందే అడగకపోతే ఏమవుతుందో నోటు పుస్తకాలను చూస్తే తెలుస్తుంది. దానం అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేవి అవే. కానీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు కిట్టు ఉంది. 2020 అక్టోబరు 8న విజయవాడకు దగ్గర్లోని పునాదిపాడు బడిలో విద్యాకానుక పేరుతో దాన్ని మొదలుపెట్టారు. ప్రభుత్వం మారాక పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. సంచి, యూనిఫాం బట్ట, బూట్లు, సాక్సులు, బెల్టు, పాఠ్యపుస్తకాలు, పెద్ద తరగతులకు నోటు పుస్తకాలు అందులోనే వస్తాయి. జూన్‌లో కిట్టు అందుకున్న బడికి జులైలో ఇంకో వంద నోటు పుస్తకాలు పట్టుకెళితే హెడ్మాస్టరు మర్యాదకు పుచ్చుకుంటాడు, అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పటి సంగతి వేరు. ఇంట్లో పలకతో సహా అన్నీ తడిసిపోయిన ఆ వారాల్లో నోటు పుస్తకమే అన్నిటికన్నా ముందు కావలసిన వస్తువు. ఒకే వస్తువు ఒకప్పుడు అవసరం, ఇంకొకప్పుడు అదనం. ఎప్పుడు ఏదో చెప్పగలిగింది ఆ బడివాళ్ళే.

కిట్టులో రానివి కథల పుస్తకాలు, రంగులు. కథల పుస్తకాలు తెమ్మన్నప్పుడు కూడా కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే ఇంట్లో అటక మీదున్నదంతా దిగుతుంది. పాత స్టేట్ సిలబస్ పాఠ్యపుస్తకాలు వస్తాయి. 2020 తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే కొత్త పుస్తకాలు రావడంతో ఆ పాతవి ఎవరికీ అక్కరకు రావు. సగం రాసిన గైడ్లు, ఎండిపోయిన స్కెచ్ పెన్నులు కూడా వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవి బరువైన ఇంగ్లీషు పుస్తకాలు. కార్పొరేట్ బడిలో చదివే పిల్లకు అవి తేలికే, మూడో తరగతిలో ఇంకా గుణింతం కూడబలుక్కుంటున్న పిల్లాడికి బండరాళ్ళు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు కథల్ని నాలుగు స్థాయిలుగా విడగొడతారు. మొదటి స్థాయి కథలో మాటలు 250 దాటవు, రెండోదానిలో 600 లోపు. పుస్తకం మీద ఆ స్థాయి వేసి ఉంటుంది, కొనేవాళ్ళకు అదే కొండగుర్తు. హైదరాబాద్ మంచి పుస్తకం వాళ్ళవీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవీ తెలుగు బొమ్మల పుస్తకాలున్నాయి. ఏలూరు రోడ్డు దుకాణాల్లో వెతకొచ్చు, జనవరి పుట్టినరోజైతే పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది.

లెక్క వేసి చూద్దాం. పటమటలో మూడో తరగతి పిల్ల పుట్టినరోజు, ఇరవై కుటుంబాలు వస్తున్నాయి అనుకుందాం. నెల ముందే అమ్మ, పిల్ల కలిసి దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకు వెళ్ళారు. మొత్తం 32 మంది పిల్లలు. టీచరు రెండే అడిగింది: చిన్న తరగతులకు బొమ్మల కథలు, అందరికీ క్రేయాన్లు. పన్నెండు కుటుంబాలకు తలా రెండు కథల పుస్తకాలంటే 24. మిగిలిన ఎనిమిది కుటుంబాలకు తలా నాలుగు క్రేయాన్ డబ్బాలంటే సరిగ్గా 32. ఎవరికి ఏది అన్నది పిల్లే చీటీల మీద రాసింది. ఒకే కథ నలుగురు తేకుండా పుస్తకాల పేర్లు కూడా చీటీలోనే ఉన్నాయి. డబ్బాలు 32కి ఒక్కటి తగ్గినా బడిలో ఒక పిల్లకు అందదు. అందుకని ఇంట్లోవాళ్ళు నాలుగు అదనంగా కొని పెట్టుకున్నారు.

పిలుపులో ఎక్కువ రాయనక్కర్లేదు. 'మా బడి పక్కనున్న చిన్న బడికి కథల పుస్తకాలు ఇస్తున్నాను. మీరు నాకు తేవాలనుకున్నది ఈ రెండు పుస్తకాలుగా తెస్తారా?' ఎవరికి, ఏమిటి, ఎన్ని, అన్నీ ఇందులో ఉన్నాయి. పేదరికం గురించి పేరా రాస్తే చదివేవాళ్ళకు ఇబ్బంది, రేపు ఆ పుస్తకం అందుకునే పిల్లకు అంతకన్నా ఇబ్బంది.

అసలు కష్టం పిల్లకు చెప్పడంలో ఉంది. 'నువ్వు అదృష్టవంతురాలివి, వాళ్ళకు ఏమీ లేవు' అని మొదలుపెడితే పిల్ల తలూపుతుంది కానీ దానికి బోధపడేది ఒక్కటే: నా బొమ్మలు పోయాయి. అడగాల్సింది ఇంకోలా.

'అమ్ములూ, ఆ బడిలో పిల్లలకు కథల పుస్తకాలు తక్కువట. నీ పుట్టినరోజుకి వచ్చేవాళ్ళని పుస్తకాలు తెమ్మని అడుగుదామా?'

'మరి నాకు?'

'అమ్మ, నాన్న, అమ్మమ్మ ఇచ్చేవి నీవే. మిగతావాళ్ళు తెచ్చేవి బడికి.'

'కేకు?'

'కేకు ఉంటుంది.'

ఈ బేరం ముందే తేలిపోవాలి. వేడుక రోజున హాల్లో పొట్లాలు చూశాక చెబితే ఏడుపు తప్పదు, ఆ ఏడుపు న్యాయమైనది కూడా. పిల్ల వద్దంటే ఆ ఏడాదికి వదిలెయ్యాలి. పిల్ల పేరు పెట్టి పెద్దలు చేసే దానం పెద్దల ముచ్చటే.

కెనడాలో లారా ఆక్నిన్, మరో ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ళు కూడా నిండని పిల్లల ముందు గిన్నెలో బిస్కెట్లు పెట్టి, చేతికి తొడిగి ఆడించే ఒక బొమ్మకు తినిపించమన్నారు. తాము అందుకున్నప్పటికంటే ఇచ్చినప్పుడు పిల్లల ముఖాలు ఎక్కువ వెలిగాయి. అందులోనూ తమ గిన్నెలోంచి తీసి ఇచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. ఇక్కడ మరచిపోకూడనిది, ఆ బొమ్మ వాళ్ళ ఎదుటే కూర్చుని నమిలినట్టు నటించింది. పెట్టె కారు డిక్కీలోకి ఎక్కి ఎటో వెళ్ళిపోతే పిల్లకు చూడ్డానికి ఏమీ మిగలదు. తను చదివేసిన పుస్తకాల్లోంచి ఒకటి తనే ఏరి ఆ కట్టలో పెట్టడం, బడికి తనూ వెళ్ళడం, ఈ రెండూ ఉండాలి. లంచం మాత్రం వద్దు. 'ఇవన్నీ ఇచ్చేస్తే సైకిల్ కొంటాను' అనే నాన్నలున్నారు. జర్మనీలో వార్నెకెన్, టొమాసెల్లో 2008లో చూపించింది ఇదే: సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పసిపిల్లలు ఆ తర్వాత సాయానికి తక్కువగా ముందుకొచ్చారు.

అమ్మమ్మది ఇంకో బాధ. 'పుట్టినరోజు పూట పిల్ల చేతిలోది తీసి ఎవరికో ఇవ్వడమేమిటే' అంటుంది. వాదించి లాభం లేదు. 'నువ్వు కొనే పట్టులంగా దానిదే అమ్మా, దాన్నెవరూ ముట్టుకోరు' అంటే సగం చల్లబడుతుంది. మొదటి పుస్తకం ఆవిడ చేత్తోనే కట్టలో పెట్టిస్తే మిగతా సగం కూడా.

అప్పగించే రోజు గొడవంతా ఫొటోలది. పిల్లల సంరక్షణ గృహానికి ఇస్తుంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం అక్కడి పిల్లలను గుర్తుపట్టేలా ఫొటో బయటపెట్టడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వాట్సాప్ స్టేటస్ ప్రైవేటు కదా అనుకుంటే పొరపాటు. క్యాన్సర్ వార్డుకైతే పాతవి వద్దు, కొత్త పుస్తకాలే. చికిత్సలో ఉన్న పిల్లలకు రోగాలు తట్టుకునే శక్తి తక్కువ.

బడిలో ఇచ్చిన పుస్తకాలు చాలాచోట్ల బీరువాలోకి వెళ్ళి తాళం పడతాయి. టీచర్ల తప్పు కాదది. పుస్తకాలు స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతాయి, ఒకటి పోతే వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. చిరిగినా పోయినా మాకు అభ్యంతరం లేదని ఇచ్చేవాళ్ళు ఒక కాగితం మీద రాసిస్తే తాళం తియ్యడానికి ధైర్యం వస్తుంది. ఈ డెల్టాలో ఆ పట్టింపు ఎప్పుడో పోయి ఉండాలి. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. నీళ్ళ మీద, ఎక్కేవాళ్ళ, దిగేవాళ్ళ మధ్య పుస్తకాలు తిరిగాయి.

ఇంతా చేశాక, చీటీ చూడని బాబాయి ఒకాయన రిమోట్ కారుతో రానే వస్తాడు. ఆ కారు పిల్లకే. దాన్ని కూడా కట్టలో పెట్టెయ్యమని అందరి ముందూ అడగకూడదు, మాట ముందే అయింది కథల పుస్తకాల గురించి, క్రేయాన్ల గురించి. బాబాయికి కేకు ముక్క ఇచ్చి, బ్యాటరీలు వెయ్యమనాలి.