రంపానికి ముందు చూపు

కుర్చీ కాలికి శీశం చెక్క కోసేముందు దాని నార ఎటు పోతోందో చూడాలి. గ్రేటర్ నోయిడా ఫ్లాట్లలో ప్లైవుడ్ పనికి అలవాటుపడిన కుర్రాడికి ఇది కొత్త. అందుకే ముసలి వడ్రంగి ముందు పలక పక్క అంచు చూపిస్తాడు: "గీతలు ఎటు పైకెక్కుతున్నాయిరా?" అవి ఎక్కే దిక్కున చిత్రిక పడితే నునుపు వస్తుంది, ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి. శీశంలో నార తరచు పొరపొరకూ వాలు మారుస్తుంది. రెండు దిక్కులా పెచ్చు లేస్తే చిత్రికది తప్పు కాదు, పొట్టు పలచగా తీయాలి. కాలి మధ్యలోనే నార పక్కకు బయటపడితే బరువుకు అక్కడే విరుగుతుంది. కంటికి అంతుపట్టకపోతే మొద్దు కొసన చిన్న ముక్కను ఉలితో చీల్చాలి. చీలిక వెళ్లిన దారే అసలు నార. దాని వెంట గీత గీశాకే కుర్రాడి చేతికి రంపం వస్తుంది.