కథ చెప్పకండి, చదివించండి

ఫిల్మ్ నగర్‌లో కథ వినిపించడమంటే ఒకరు చెప్పడం, మిగతావాళ్లు వినడం. డైరెక్టరో రచయితో కుర్చీ అంచుకు జరిగి కూర్చుంటాడు. చేతులు తిప్పుతూ, ఇంటర్వెల్ దగ్గర గొంతు పెంచుతూ, రీరికార్డింగ్ కూడా నోటితోనే వాయించేస్తాడు. నెరేషన్ ఇవ్వడం ఇక్కడ పెద్ద విద్య. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. కానీ యానిమేషన్ స్క్రిప్ట్ దగ్గర మాత్రం దాన్ని పక్కన పెట్టమని అడుగుతాను. మంచి నెరేటర్ పలకని డైలాగును తన గొంతుతో పలికించేస్తాడు, సాగే సీనును రెండు వాక్యాల్లో దాటించేస్తాడు, చిన్న సీనును ఊరించి పెద్దది చేస్తాడు. బొమ్మలు గీయడం మొదలయ్యాక మనల్ని ముంచేవి సరిగ్గా ఈ రెండే: నోరు తిరగని మాట, కొలత తప్పిన సీను.

మామూలు సినిమాలో సీను ఎక్కువైతే ఎడిటింగ్‌లో కోసుకోవచ్చు. కోసింది ఒక పూట షూటింగే కావచ్చు. యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు. ఒక నిమిషం సీను తీసేస్తే 1,440 ఫ్రేముల్లో మనుషులు పెట్టిన పని పోతుంది. పైగా ఇక్కడ గొంతు ముందు, బొమ్మ తర్వాత. రికార్డయిన మాటను బట్టే పాత్ర పెదవి కదులుతుంది, కనుబొమ లేస్తుంది. కాబట్టి రికార్డింగ్ థియేటర్ బుక్ చేయకముందే స్క్రిప్టును బల్ల చుట్టూ కూర్చుని పైకి చదివించాలి. ‘ది సింప్సన్స్’ లాంటి అమెరికన్ సీరియల్‌కు రికార్డింగ్‌కు ముందు టేబుల్ రీడ్ ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మనకూ ఇది కొత్తేమీ కాదు. పరిషత్తు నాటకాలకు, రేడియో నాటకాలకు రీడింగ్ రిహార్సల్ లేకుండా పని మొదలయ్యేదే కాదు. సినిమా ఆఫీసుల్లోకి వచ్చేసరికి ఎందుకో జారిపోయింది.

ఈమధ్య ఫిల్మ్ నగర్‌లోనే ఓ డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో ఒక రీడింగ్ నడిపాను. పిల్లల కోసం 11 నిమిషాల ఎపిసోడ్. టైటిళ్లకు, ఆఖరి పేర్లకు 30 సెకన్లు పోతే కథకు మిగిలేది 630 సెకన్లు. కథ గోల్కొండలో. మల్లి అనే పిల్ల, ఫతే దర్వాజా దగ్గర ఉండే వాళ్ల తాత, చిట్టి అనే మేక. మేక కోట పైకి ఎక్కిపోతుంది. మల్లి దాని వెంట వెళ్తుంది. చీకటి పడి దారి తప్పుతుంది. కింద దర్వాజా గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని మనందరికీ తెలుసు కదా. తాత కొట్టిన ఆ చప్పట్ల చప్పుడు పట్టుకునే పిల్ల దిగి వస్తుంది. ఎనిమిది సీన్లు. చక్కటి కథ.

గదిలో ఎవరు ఎక్కడ అన్నది ముఖ్యం. రచయిత చదవకూడదు. తన వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో రచయితకు ముందే తెలుసు కాబట్టి ఎక్కడా తడబడడు. అతను బల్ల చివర పెన్సిల్‌తో కూర్చుంటాడు. బొమ్మలో జరిగే పనులను, అంటే రెండు డైలాగుల మధ్య రాసిన వర్ణనను, చదవడానికి ఒక మనిషి వేరుగా ఉండాలి. ఒకరికి రెండు పాత్రలు ఇవ్వచ్చు గానీ ఆ రెండూ ఒకే సీనులో ఎదురుపడకూడదు. స్టాప్‌వాచ్ ఇంకొకరి చేతిలో. స్టోరీబోర్డ్ ఆర్టిస్టుకు మాత్రం స్క్రిప్ట్ కాపీ ఇవ్వను. వింటూ, కంటికి ఏది కనిపిస్తే అది గీసుకుంటూ పొమ్మంటాను. ఇక చదివేవాళ్లలో కనీసం ఇద్దరు ఆ కాగితాలను అప్పుడే మొదటిసారి చూస్తుండాలి.

చేయి తిరిగిన డబ్బింగ్ ఆర్టిస్టులతోనే బల్ల నింపితే రీడింగ్ అబద్ధం చెబుతుంది. ఎంత బండ వాక్యాన్నయినా నున్నగా పలికి ఒడ్డెక్కించడమే వాళ్ల వృత్తి. అందుకే వాళ్లతో పాటు మామూలుగా చదివే మనుషులను కూర్చోబెడతాను. ఆ రోజు మల్లి పాత్ర చదివింది వరంగల్ నుంచి వచ్చిన ఓ నాటకాల అమ్మాయి. స్క్రిప్టులో మల్లి ఇలా అంటుంది: “తాతా, నేను కోట పైకి వెళ్ళి, మన మేక ఎక్కడ ఉందో వెతికి, దాన్ని పట్టుకుని, చీకటి పడే లోపల తిరిగి వచ్చేస్తాను.” ఆ అమ్మాయి ‘వెతికి’ దాటాక ఆగింది, గాలి పీల్చుకుంది, ‘పట్టుకుని’ దగ్గర మళ్లీ తడబడింది. నేను ఆపలేదు. మొదటి చదువు మధ్యలో ఆపకూడదు, ఆపితే సీన్ల కొలత పోతుంది. తడబడిన చోట ఒక గీత, మాట మార్చి చదివిన చోట సున్నా, అంతే.

రెండో చదువులో అదే వాక్యం దగ్గరికి రాగానే, “మీకెలా వస్తే అలా అనండమ్మా,” అన్నాను. “తాతా, పైకి పోతున్న. చీకటి పడకముందే మేకతోని వస్త,” అంది.

ఇందులో యాస సరిపడటం ఒక్కటే కాదు లాభం. గోల్కొండ పిల్ల పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడకూడదన్నది నిజమే. దానికంటే పెద్ద సంగతి క్రియది. మన భాషలో క్రియ చివర వస్తుంది. వెళ్ళి, వెతికి, పట్టుకుని అంటూ గొలుసు కట్టుకుంటూ పోతే, మల్లి ఏం చేయబోతోందో ఆఖరి మాట దాకా తేలదు. అన్ని సెకన్లూ యానిమేటర్ ఆ పిల్లను ఏ భంగిమలో నిలబెట్టాలి? చేతులు ఊరికే ఆడిస్తూ కాలం గడపాలి. తెరమీద బొమ్మ వాగుతున్నట్టు కనిపిస్తుంది గానీ మాట్లాడుతున్నట్టు కనిపించదు. వాక్యం రెండుగా తెగితే, ‘పోతున్న’ దగ్గర కాలు కదులుతుంది, ‘వస్త’ దగ్గర తల వెనక్కి తిరుగుతుంది. రెండు క్రియలకు రెండు భంగిమలు. స్టోరీబోర్డ్ ఆర్టిస్టు ఈసారి వింటూనే రెండు బొమ్మలు గీసేశాడు.

ఇలాంటి గొలుసు వాక్యాలు కొత్త రచయితలకు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు ఒక అనుమానం ఉంది. హైదరాబాద్‌లో బొమ్మలు గీసే చేతులకు కొదవ లేదు. 2008లో మొదలైన ‘చోటా భీమ్’ ఇక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థదే. 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా నిలిచిన ‘కిట్టు’ తెలుగు సినిమానే. అయినా మన పిల్లలు టీవీలో పెరిగింది ఎక్కువగా డబ్బింగ్ కార్టూన్ల మీద. డబ్బింగ్‌లో పెదవి ముందే కదిలిపోయి ఉంటుంది. అది ఆగేదాకా మాట సాగాలి, కాబట్టి ‘అవును మరి’, ‘అలాగా అయితే’ లాంటి కూర్పులు వేయక తప్పదు. డబ్బింగ్ రచయితకు అది అవసరం, నేర్పు కూడా. కానీ ఆ తెలుగు వింటూ పెరిగినవాళ్లు నేరుగా తెలుగులో రాసేటప్పుడూ, లేని పెదవుల కోసం మాటలు సాగదీస్తున్నారు. కాగితం మీద అది కంటికి ఆనదు. పైకి చదివితే ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో రకం మాట కూడా చెవికే దొరుకుతుంది. “అయ్యో, మేక గోడెక్కి బురుజు మీదికి దూకింది!” అని మల్లి అరుస్తుంది. దానికి ముందే వర్ణన చదివే మనిషి, “మేక గోడెక్కి బురుజు మీదికి దూకుతుంది,” అని చదివాడు. ఒకే ముక్క వెంటవెంటనే రెండుసార్లు వినపడేసరికి బల్ల చుట్టూ అందరూ తలెత్తారు. రేడియో నాటకంలో ఆ డైలాగు కావాలి. బొమ్మలో మేక దూకడం కనిపిస్తూనే ఉంటుంది. “ఓయ్, చిట్టీ!” చాలు.

ఇక కొలతల సంగతి. మొదటి చదువు పూర్తయ్యాక సీన్లన్నీ కలిపితే 590 సెకన్లు వచ్చింది. 630లో సరిపోయిందని ప్రొడక్షన్ మేనేజర్ మొహం వెలిగింది. అక్కడే జాగ్రత్త పడాలి. డైలాగు చదవడానికి పట్టే సమయం, తెరమీద పట్టే సమయం దాదాపు ఒకటే. బొమ్మ పని అలా కాదు. ఆరో సీనులో నాలుగు లైన్లే ఉన్నాయి: మల్లి మెట్లెక్కుతుంది, మలుపు దగ్గర జారుతుంది, పొద్దు గూకుతుంది, దారి కనిపించదు. చదవడానికి 15 సెకన్లు. డైరెక్టరును లేచి నిలబడి ఆ నాలుగు లైన్లూ నటించమన్నాం. ఆయన కుర్చీల మధ్య ఎక్కుతూ, జారుతూ, ఆయాసపడుతూ, చుట్టూ చూస్తూ పూర్తి చేసేసరికి వాచీలో 105. అంటే మొత్తం 680. కథ 50 సెకన్లు ఎక్కువైపోయింది. వాచీ చేతిలో పెట్టుకుని పనిని ఒంటితో చేసి చూడటం యానిమేటర్ల పాత పద్ధతే. రీడింగ్‌లో దాన్ని కలపకపోతే వచ్చిన అంకెను నమ్మకూడదు.

మరి ఎక్కడ తగ్గించాలి? ఎక్కువైంది ఆరో సీనులో కాబట్టి దాన్నే కోద్దామని ముందు అందరికీ అనిపించింది. ఎక్కడం కష్టంగా కనిపించకపోతే దిగిరావడానికి విలువ లేదని నేను ఒప్పుకోలేదు. స్టోరీబోర్డ్ ఆర్టిస్టు కాగితాలు బల్ల మీద పరిచాం. మూడో సీను 180 సెకన్లు, అన్నిటికంటే పెద్దది. అందులో తాత చప్పట్ల రహస్యం, కోట చరిత్ర, కాపలావాళ్ల పద్ధతి అన్నీ చెబుతాడు. ఆ మూడు నిమిషాలకు ఆర్టిస్టు గీసింది ఒకే బొమ్మ, కూర్చున్న ముసలాయన. చదివేటప్పుడు ఆ సీనులోనే ఇద్దరు ముందు పేజీలు తిప్పి చూశారని నా కాపీ అంచున గుర్తు కూడా ఉంది. అదే, కథకు ప్రాణమైన ఏడో సీను 30 సెకన్లే. తాత చప్పట్లు కొడతాడు, మల్లి వెంటనే, “తాతా, వినిపించింది!” అంటుంది, అయిపోయింది. ఆఖరి సీను 125 సెకన్లు. చప్పట్లు ఎలా వినిపించాయో తాత మళ్లీ మొదటి నుంచి చెబుతాడు.

కథ చప్పుడు గురించి. ఆ చప్పుడు గురించి రెండుసార్లు పాఠం ఉంది, చప్పుడు వినడానికి మాత్రం చోటు లేదు. మూడో సీనులో చరిత్ర తీసేసి, తాత ఒక్కసారి చప్పట్లు కొట్టి “ఇది పైదాకా పోతది బిడ్డా” అనడం మిగిల్చాం. 95కు వచ్చింది. ఆఖరి సీనులో వివరణ పోయి 80 అయింది. ఏడో సీనును డైరెక్టరు మళ్లీ నటించాడు. తాత కొడతాడు. పైన గాలి. మల్లికి ఏమీ వినపడదు. తాత ఇంకోసారి కొడతాడు. మేక చెవులు ముందు నిక్కుతాయి, తర్వాత పిల్ల తల తిరుగుతుంది. మూడోసారికి ఆమె కాలు కదిలిస్తుంది. 85 సెకన్లు, ఒక్క డైలాగు లేదు. మొత్తం 605. మిగిలిన 25 సెకన్లను అలాగే ఉంచాం. స్టోరీబోర్డు బొమ్మలను గొంతులతో కలిపి యానిమాటిక్ చేసినప్పుడు సీనుకూ సీనుకూ మధ్య ఊపిరికి అవి ఖర్చవుతాయి.

ఏడో సీను నిజంగా పండుతుందా లేదా అన్నది ఈ బల్ల తేల్చలేదు. మాటల్లేని సీనును చెవితో తూచలేం. అది యానిమాటిక్‌లో బొమ్మ పడ్డాకే తెలుస్తుంది. ఆ రోజు ఫోనులో రికార్డు చేసిన గొంతులనే అప్పటిదాకా తాత్కాలికంగా వాడుకోమని ఎడిటరుకు పంపాం. మార్చిన మూడు సీన్లు మళ్లీ చదివించాలి. ఈసారి బల్ల చుట్టూ కొత్తవాళ్లు ఉంటారు, ఎందుకంటే తాత చెప్పిన చరిత్రంతా పాతవాళ్లు ఒకసారి విన్నారు. అది లేకుండా కథ అర్థమవుతుందో లేదో వాళ్లు చెప్పలేరు.