చెప్పని మాటే చురుక్కుమంటుంది

సంభాషణ రాయడంలో నేను పుట్టుకతో గురజాడ పక్షం. కానీ మాట దాచే విద్యలో మాత్రం చెహోవ్‌కే నా ఓటు. 1904 నాటి 'చెర్రీ తోట' నాటకం చివరి అంకంలో లొపాఖిన్ వార్యాను పెళ్ళికి అడగాలి. అడగడు. చలి గురించి మాట్లాడతాడు. ఆమె థర్మామీటర్ పగిలిందంటుంది. అంతే, పెళ్ళి మాట అక్కడే ముగిసిపోయింది! ఎంత ధైర్యం ఆ కలానికి!

ఇదే విద్య అన్నాచెల్లెళ్ళ పాత తగువుకు వాడి చూద్దాం. ఆడపిల్లల వాటాకు చట్టం వచ్చాక, వాటా వదులుకున్నట్టు కాగితాలు రాయించుకోవడమూ పెరిగిందంటారు. మన కథలో తండ్రి పోయిన పదకొండో రోజున అన్న అలాంటి కాగితం ముందు పెట్టాడు. చెల్లెలు చదవకుండా సంతకం పెట్టింది. ఏళ్ళ తర్వాత తండ్రి తద్దినానికి వచ్చింది.

"కాఫీ తాగుతావా చెల్లాయ్?"

"మీ ఇంట్లో వాళ్ళంతా తాగనీ అన్నయ్యా."

"కళ్ళజోడు ఎప్పుడు పెట్టావు?"

"పోయినేడు. చిన్న అక్షరాలు కనబడటం లేదంటే ఆయనే చేయించారు."

"ఒరే, ఆ ఫ్యాను కాస్త పెంచరా."

"వద్దులే. నేను అరుగు మీద కూర్చుంటా."

ఏ ముక్కకు ఆ ముక్క విడిగా చూస్తే కుశలప్రశ్నే. కానీ పుట్టి పెరిగిన ఇల్లు 'మీ ఇల్లు' అయింది. కళ్ళజోడు మాట అన్నకు తగిలింది. తగిలిందని మనకెలా తెలిసింది? జవాబు చెప్పకుండా ఫ్యాను మీద పడ్డాడు గనుక. దెబ్బ కొట్టిన మాటకన్నా, దాన్ని తప్పించుకునే మాట రాయడమే కష్టం. చివరికి ఆమె వచ్చేపోయేవాళ్ళు కూర్చునే చోటు ఎంచుకుంది.

ఒక్క జాగ్రత్త ఉంది. ఈ సంభాషణ ఒక్కటే చదివినవాడికి ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. అందుకే కథలో ముందెక్కడో, బీరువాలో స్టాంపు కాగితం ఉన్నట్టు ఒక వాక్యం పడాలి. అది లేకపోతే కథ పొడుపుకథ అవుతుంది. రెండుసార్లు పడితే గుట్టు రట్టవుతుంది.

ఇక మన టీవీ సీరియళ్ళ సంగతి! "నాన్న పోయినప్పుడు మోసం చేసి నాచేత సంతకం పెట్టించుకున్నావు కదా అన్నయ్యా" అని చెల్లెలు ఏడుస్తుంది, మూడు వైపులనుంచి కెమెరా తిరుగుతుంది. ఆ సంగతి అన్నకు తెలియదా? ఇద్దరికీ తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం సంభాషణ కాదు, ప్రేక్షకుడికి పంపిన నోటీసు. ఈ జబ్బు కథలకూ అంటుకుంది. ఎడిటర్లకు నాదొకటే మనవి: "నీకు తెలుసు కదా", "గుర్తుందా, ఆ రోజు" అని మొదలయ్యే ప్రతి డైలాగూ కొట్టేసి కథ వెనక్కి పంపండి. రచయిత అలిగితే అలగనివ్వండి.