అత్త బరువెంత?

మా అత్తగారి మీద తేటగీతి రాశానండీ. "అత్త ప్రేమతో" అని మొదలు. బంధువుల్లో ఒక పెద్దాయన చూసి, "'ప్రే' ముందున్న 'త్త' గురువైపోయిందమ్మా, గణం చెడింది" అన్నారు. బెదిరిపోయి అత్తను కొట్టేశాను!

తీరా చూస్తే తప్పు నాది కాదు. ఒత్తక్షరం బరువు దాని ముందక్షరం మీద పడుతుంది. అందుకే 'అత్త'లో 'అ' గురువు, పలకడానికి రెండు మాత్రలు. 'త్త' ఒక్క మాత్ర లఘువే. పాదం మొదట కావలసిన సూర్యగణం కుదిరినట్టే.

మరి 'ప్రే' బరువో? సంస్కృత సమాసమైతే పడేదే. 'పుత్రప్రేమ' ఒకే ఊపులో పలుకుతాం, అక్కడ 'త్ర' గురువు. 'అత్త', 'ప్రేమతో' విడి తెలుగు మాటలు. నడుమ గొంతు కాస్త ఆగుతుంది. పెద్దాయన కంటితో చూశారేగానీ నోటితో చదవలేదు.

అత్తగారు మళ్ళీ మొదటి పాదంలోకి వచ్చేశారు.