రేపంటే ఏ రేపు?

కథలకీ, నవలలకీ విమర్శలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మనం ఇంట్లో తప్పనిసరిగా చదివే రచన మీద మాత్రం ఎవరూ కలం ఎత్తరు. అదే, అపార్టుమెంటు సంఘంవారి వాట్సాప్ ఛానల్‌లో వచ్చే నీళ్ల ప్రకటన.

విజయనగరంలో మా సంఘంవారి ఇటీవలి రచన ఇది: “సాంకేతిక కారణాల వల్ల రేపు నీటి సరఫరా ఉండదు. పట్టిక ప్రకారం మంగళవారం ట్యాంకు కడుగుతారు. సహకరించగలరు.”

శైలి మర్యాదగానే ఉంది. చిక్కంతా “రేపు” దగ్గర. ఇది సోమవారం రాత్రి పదకొండింటికి వెలువడింది. చాలామంది మంగళవారం ఉదయం చదివి, రేపంటే బుధవారం కాబోలు అనుకున్నారు. చదివి వినిపిస్తే మా పనిమనిషి, “రేపంటే ఏ రేపమ్మా? ఏ నీళ్లు రావేటి?” అంది. విమర్శకులు పది పేజీల్లో చెప్పేది రెండు ముక్కల్లో తేల్చేసింది!

ఏ నీళ్లన్నది నిజంగా పెద్ద ప్రశ్నే. మా ఊరికి చంపావతి ఒడ్డునున్న నెల్లిమర్ల నుంచి, గోస్తని మీది ముషిడిపల్లి నుంచి నీళ్లొస్తాయి. ఆ కుళాయి నీళ్లు ముందు కింద సంపులో పడతాయి. మోటారు వేస్తే పైట్యాంకుకి ఎక్కుతాయి. కుళాయి ఆగినా, పైన నీళ్లుంటే ఇంట్లో వస్తూనే ఉంటాయి. ఇక లెక్క చూడండి. ఇరవై ఇళ్లు, ఇంటికి నలుగురు, మొత్తం ఎనభై మంది. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని ప్రభుత్వ ప్రమాణం. అంటే 10,800 లీటర్లు. మా పైట్యాంకు పట్టేది 10,000. నిండుగా ఉన్నా ఒక రోజుకి చాలదు.

అసలు దోషం రెండో వాక్యంలో ఉంది. ట్యాంకు కడగాలంటే ముందు ఖాళీ చెయ్యాలి. అడుగున బురద గోకి, బ్లీచింగు నీళ్లతో తోమి, మళ్లీ కడిగి నింపాలి. కుళాయి రాని రోజునే ఆ పని పెట్టుకుంటే దేనితో నింపుతారు? వేసవిలో మా బోరు దారంలా వస్తుంది. పక్కపక్కనున్న రెండు వాక్యాలు ఒకదాన్నొకటి చూసుకోలేదన్నమాట!

అడుగుదామంటే, అది ఛానల్. గ్రూపులోలా అక్కడ మాట కలపలేం. బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకోవాలి. నీళ్లు రావన్న కబురు కింద పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. అవి మెచ్చుకోళ్లా, చూశామన్న గుర్తులా? సంఘంవారు మాత్రం మెచ్చుకోళ్లుగానే లెక్క వేసుకున్నారు.

నేనైతే ఇలా రాస్తాను: “మంగళవారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు మున్సిపల్ కుళాయి రాదు. పైట్యాంకులో ఉన్నవే వాడుకోవాలి. ట్యాంకు కడగడం గురువారానికి మార్చాం. కడిగిన రోజు మొదట వచ్చే నీళ్లకి బ్లీచింగు వాసన ఉంటే తాగకండి, వదిలెయ్యండి. సందేహాలుంటే వాచ్‌మన్ గది దగ్గర అడగండి.”

ఇందులో అలంకారాలేమీ లేవు. ఫోను లేని మామ్మగారి కోసం దీన్నే లిఫ్టు తలుపు మీద కూడా అంటిస్తే, ఆవిడ బిందె వేళకి నిండుతుంది.