ఒకరికి కూడు, ఒకరికి గడువు

విచారణ తేలేదాకా ఉద్యోగిని పక్కన పెట్టడం శిక్ష కాదని మన కోర్టులు మొదటినుంచీ అంటున్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు రెండు, 1999 నాటి పాల్ ఆంథోనీ కేసు, 2015 నాటి అజయ్ కుమార్ చౌదరి కేసు, పక్కపక్కన చదివితే ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. కొత్త తీర్పుకే పేరెక్కువ. నాకు మాత్రం పాతదే గట్టిదనిపిస్తుంది.

కెప్టెన్ పాల్ ఆంథోనీ కోలార్‌లో భారత్ గోల్డ్ మైన్స్ సెక్యూరిటీ ఆఫీసర్. 1985లో ఆయన ఇంట్లో 4.5 గ్రాముల బంగారపు ముద్ద, బంగారం కలిసిన ఇసుక దొరికాయని పోలీసులన్నారు. సంస్థ సస్పెండ్ చేసింది గానీ సబ్సిస్టెన్స్ అలవెన్సు ఇవ్వలేదు. కేరళలోని ఇంటి నుంచి విచారణకు రావడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో డిస్మిస్ చేశారు. మరుసటి ఏడాది క్రిమినల్ కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

సస్పెన్షన్‌లో ఉన్నా ఉద్యోగి ఉద్యోగే. అందుకే వేరేచోట పని చేయకూడదు; చేయడం లేదని రాసిస్తేనే అలవెన్సు వస్తుంది. ఫండమెంటల్ రూల్ 53 ప్రకారం అది మొదటి మూడు నెలలూ అర్ధజీతపు సెలవుకు వచ్చేంత, దానిమీద కరువు భత్యం. అర్ధజీతం 20,000 అనుకుందాం. జాప్యం ఉద్యోగి వల్ల కాకపోతే ఆ తర్వాత దాన్ని 30,000 దాకా పెంచవచ్చు. ఆయన వల్లే అయితే 10,000 దాకా తగ్గించవచ్చు. ఆ కొద్దిపాటి డబ్బూ ఆపేసి విచారణకు రమ్మంటే రాలేడు. ఇది జీవించే హక్కుకే దెబ్బ అంది కోర్టు. ఏకపక్ష విచారణ చెల్లదని తేల్చి, జీతం బకాయిలతో సహా ఉద్యోగంలోకి తీసుకోమంది.

అజయ్ కుమార్ డిఫెన్స్ ఎస్టేట్స్ అధికారి. 2011లో సస్పెండయ్యారు, పొడిగింపు మీద పొడిగింపు వచ్చింది. ఈ తీర్పు డబ్బు ఊసెత్తకుండా కాలాన్ని పట్టుకుంది. తప్పు రుజువు కాకముందే లోకం చూసే చూపును, పడే అవమానాన్ని మనసుకు హత్తుకునేలా చెప్పింది. మూడు నెలల్లో ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగకూడదంది. ఇచ్చేస్తే? కారణాలు రాసి పొడిగించుకోవచ్చు! శాఖలు ఆ సందులోంచే నడుస్తాయి. అంత చేసిన అజయ్ కుమార్‌కే, అప్పటికి ఛార్జ్‌షీట్ అందినందున, ఆ గడువు అక్కరకు రాలేదు.

పాత తీర్పులో బలం వేరు: డబ్బు ఎగ్గొడితే యాజమాన్యం చేసిన విచారణే కూలుతుంది. ఐతే తర్వాతి బెంచీలు దానికీ షరతు పెట్టాయి. అలవెన్సు అందకపోవడం వల్లే విచారణకు రాలేకపోయానని, దానివల్ల నష్టపోయానని ఉద్యోగే చూపించాలి. కాబట్టి డబ్బు రాని నెలలోనే, రాలేకపోవడానికి కారణం రాసి రసీదు తీసుకున్నవాడికే ఆ తీర్పు పనికొస్తుంది.