ఎనభై రూపాయల జాడ

బాసరలో ఒక పొదుపు సంఘం సమావేశం. లెక్కలు రాసే అక్క ఆ రోజు చేసిన ప్రారంభోపన్యాసం పావుగంటకు మించలేదు. పది మంది సభ్యులకు స్ప్రెడ్‌షీట్ ఎందుకో చెప్పడం ఆమె పని. అయినా సగం ప్రసంగం దాటేదాకా ఆమె నోట ఆ మాటే రాలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అదే.

"అక్కలారా, పిల్లగాండ్లకు అక్షరాలు దిద్దిచ్చెతందుకు ఎక్కడెక్కడి నుంచో మనూరికి వస్తరు. మన పైసల లెక్క మాత్రం మనం చదవకనే సంతకం పెడ్తున్నం" అని మొదలుపెట్టింది. సరస్వతమ్మ గుడి ఉన్న ఊళ్లో ఈ మాట చప్పున తగులుతుంది. కానీ ఆమె దాన్ని సాగదీయలేదు. వెంటనే సుద్దముక్క తీసుకొని నల్లబల్ల మీద ఒక అప్పు రాసింది.

సంఘం నుంచి ఒకామె 10,000 రూపాయలు తీసుకుంది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. మొదటి నెల వడ్డీ 100తో కలిపి 1,100 కట్టింది, అసలు 9,000కు దిగింది. రెండో నెల 1,090 కట్టింది, 8,000 మిగిలింది. మూడో నెల ఇంట్లో ఇబ్బంది వచ్చి 500 మాత్రమే తెచ్చింది. "ఇప్పుడు బాకీ ఎంత?" అని అడిగి ఆగింది. చాలామంది 7,500 అన్నారు. ఆమె అదే రాసి, దాని మీద మరో రెండు నెలల లెక్క కూడా వేసింది.

ఇక్కడ ఆమె తొందరపడలేదు. ఆ నెల వడ్డీ 80 రూపాయలు. తెచ్చిన 500లో ముందు ఆ 80 పోవాలి, మిగిలిన 420 మాత్రమే అసలులోంచి తగ్గాలి. కాబట్టి బాకీ 7,580. "పెట్టెల 500 వచ్చినయి, పుస్తకంల 500 రాసినం. పైసలు సరిపోయినయి. అందుకే తప్పు కనవడది" అంది. మన లెక్కల్లో ఎక్కువ తప్పులకు వేరు ఇదే. నగదు కుదిరిందంటే లెక్క కుదిరిందనుకుంటాం. ఆ 80 సంఘం సొమ్ము, అంటే మనిషికి 8 రూపాయలు. పైగా తర్వాతి నెల వడ్డీని కూడా 7,500 మీదే వేస్తాం గనుక తప్పు కిందికి జారుతూ పోతుంది.

తర్వాత మూడో వరుసలో బాకీని చెరిపి 7,580 రాసింది. నాలుగో వరుస చెరపాల్సి వచ్చింది, ఆపైన ఐదోది. సుద్దపొడి చేతికి అంటుకుంటుంటే, "గిట్ల ఒక్కటి దిద్దితే కిందివన్నీ దిద్దాలె. గా పని మిషిన్ చేస్తది" అంది. స్ప్రెడ్‌షీట్ పుట్టుకలోనూ ఒక నల్లబల్ల ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బల్ల మీద ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి రాయాల్సి రావడం చూసి ఆలోచనలో పడ్డాడు. 1979లో వచ్చిన విజికాల్క్ ఆ ఆలోచన ఫలితమే.

అప్పుడు మాత్రమే లాప్‌టాప్ తెరిచింది. A నిలువు వరుసలో నెల, Bలో పాత బాకీ, Cలో వడ్డీ, Dలో కట్టింది, Eలో మిగిలింది. రెండో వరుస నుంచి లెక్క మొదలు, B2లో 10000 చేత్తో కొట్టింది.

```
C2: =B2*1%
E2: =B2+C2-D2
B3: =E2
```

ఒక నెల బాకీ మరుసటి నెలకు తనంతట తానే దిగే దారి ఆ మూడో పంక్తి. ఈ మూడింటినీ కిందికి లాగితే ఏడాది సిద్ధం. ఇక ప్రతి నెలా చేత్తో వేసేది D గడి ఒక్కటే. మూడో నెల దగ్గర 500 వేయగానే 7580 పడింది. బల్ల మీద అందరూ కలిసి తేల్చిన అంకె తెర మీద కనబడేసరికి నమ్మమని ఎవరికీ వేరే చెప్పాల్సి రాలేదు.

మిషిన్‌కు చేతకానిదీ ఆమె దాచలేదు. అలవాటు కొద్దీ 500/- అని కొట్టి చూపింది. అంకెలు గడిలో కుడివైపు నిలుస్తాయి, ఇది ఎడమవైపు నిలిచింది. అంటే మిషిన్ దాన్ని అంకె అనుకోవడం లేదు, అక్షరాలనుకుంటోంది. ఆ వరుసలో బాకీ ఉండాల్సిన చోట #VALUE! వచ్చింది, కనీసం మనల్ని హెచ్చరించింది. పొదుపు మొత్తం కూడే SUM దగ్గరే అసలు ప్రమాదం. అది అలాంటి గడిని చడీచప్పుడు లేకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. 500 బదులు 5000 కొడితే దాన్ని ఏ సూత్రమూ పట్టదు. అందుకే తీర్మాన పుస్తకం, పాసుపుస్తకాలు ఉంటాయని, కట్టిన ప్రతి రూపాయీ ముందు వాటిలో రాసి సంతకాలయ్యాకే తెర మీదికి వస్తుందని చెప్పింది. కొత్త పనిముట్టును పరిచయం చేసేవాళ్లు దాని లోపాన్ని మొదటి రోజే చేత్తో చేసి చూపడం నేను అరుదుగా చూశాను.

చివర ఆమె ఏ పిలుపూ ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి, వెనక వరుసలో కూర్చున్న పెద్దామెను చూసి, "రా పెద్దమ్మా, ఈ నెల నీ కిస్తీ నువ్వే కొట్టు" అంది. పెద్దమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకొని వచ్చి కూర్చుంది. అంకె కొట్టి, అది కుడివైపు నిలిచిందో లేదో వంగి చూసింది.